నాలుగు గంటల మారథాన్‌కు మణికట్టు పట్టీ.. ప్రతి 5 కి.మీ.కు గడియారం లెక్క

ఆదోని, ఎమ్మిగనూరు: తెల్లవారుజామున ఆదోని - ఎమ్మిగనూరు రహదారి అంచున పరుగెత్తే యువకులు ఇటీవలి సంవత్సరాల్లో దూరపు పరుగు పందేలపైనా దృష్టి సారిస్తున్నారు. వీరికి అందుబాటులో ఉన్న పెద్ద పందెం ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్. దూరం 42.195 కిలోమీటర్లు. మొదటిసారి పాల్గొనేవారిలో చాలామంది పెట్టుకొనే లక్ష్యం నాలుగు గంటలు. అయితే నాలుగు గంటల్లో ముగించాలని అనుకోవడం వేరు, పదిహేనో కిలోమీటరు వద్ద ఉన్నప్పుడు ఆ లక్ష్యానికి ముందున్నామా, వెనుకబడ్డామా అన్నది తెలుసుకోవడం వేరు. ఈ రెండో పనికి ఉపయోగపడేదే మణికట్టుకు చుట్టుకొనే కాగితపు పట్టీ. ప్రతి 5 కిలోమీటర్ల బోర్డు వద్ద గడియారం ఎంత చూపాలో అందులో ముందే రాసి ఉంటుంది.

వెల చూస్తే రూపాయి కూడా కాని వస్తువు ఇది. లెక్క తప్పితే మాత్రం నెలల తరబడి చేసిన సాధన వృథా అవుతుంది. తప్పు లెక్కతో తయారైన పట్టీ, అసలు పట్టీ లేకపోవడం కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. పరుగెత్తేవాడు దానిని నమ్మి వేగం పెంచుతాడు కనుక.

కిలోమీటరు లెక్క కాదు, మొత్తం లెక్క

కొందరు పట్టీపై కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు అన్న ఒక్క సంఖ్యనే రాసుకొంటారు. నాలుగు గంటల లక్ష్యానికి అది సుమారు 5 నిమిషాల 41 సెకండ్లు. ఈ సంఖ్య సాధనకు పనికి వస్తుంది గానీ పందెంలో పెద్దగా సాయపడదు. ఒక కిలోమీటరులో మంచినీళ్ల కోసం ఆగవలసి రావచ్చు, మరొక కిలోమీటరులో ఫ్లైఓవర్ ఎక్కవలసి రావచ్చు, ఇంకొక చోట పల్లం కలిసి రావచ్చు. ప్రతి కిలోమీటరుకు తేడా చూసుకొంటూ, వాటిని మనసులో కూడుకొంటూ పరుగెత్తడం అలసిన బుర్రకు సాధ్యమయ్యే పని కాదు. ముప్పై కిలోమీటర్లు దాటాక రెండంకెల కూడిక కూడా తప్పిపోతుందని మారథాన్ పరుగెత్తిన ఎవరిని అడిగినా చెబుతారు.

అందుచేత పట్టీపై ఉండవలసింది పందెం మొదలైనప్పటి నుంచి ఆ బోర్డు వరకు పట్టవలసిన మొత్తం సమయం. బోర్డు కనిపించగానే గడియారాన్ని ఒకసారి, పట్టీని ఒకసారి చూస్తే సరిపోతుంది. కూడవలసిన పని ఉండదు, తీసివేత ఒక్కటే మిగులుతుంది. అయిదు కిలోమీటర్ల దూరాన్ని ఎంచుకోవడానికి కారణం కూడా ఉంది. ఒక కిలోమీటరులో కనిపించే చిన్నచిన్న ఒడుదొడుకులు అయిదింటిలో సర్దుకుపోతాయి. పది కిలోమీటర్లకు ఒకసారి చూద్దామంటే తప్పు దిద్దుకోవడానికి ఆలస్యమవుతుంది.

లక్ష్యం ఎక్కడి నుంచి రావాలి?

పట్టీ తయారీకి ముందు లక్ష్యం సరైనదో కాదో తేల్చుకోవాలి. దీనికి లోకమంతటా వాడుకలో ఉన్న సులువైన సూత్రం ఒకటి ఉంది. అమెరికన్ ఇంజినీరు పీటర్ రీగల్ 1977లో దీనిని ప్రకటించారు. దూరం రెట్టింపు అయితే సమయం సరిగ్గా రెట్టింపు కాదు, అంతకన్నా కొంత ఎక్కువ పడుతుంది అన్నది దాని సారం. హాఫ్ మారథాన్ సమయాన్ని సుమారు 2.085తో గుణిస్తే మారథాన్ సమయం వస్తుంది.

ఇటీవల హాఫ్ మారథాన్‌ను గంటా 55 నిమిషాల్లో, అంటే 115 నిమిషాల్లో ముగించిన యువకుడిని ఉదాహరణగా తీసుకొందాం. 115ను 2.085తో గుణిస్తే 239.8 నిమిషాలు. ఇది నాలుగు గంటలకు సరిగ్గా అంచున ఉన్న లెక్క. హాఫ్‌ను రెండు గంటల్లో ముగించినవాడు మారథాన్‌కు నాలుగు గంటల పట్టీ కట్టుకొంటే, రెండో సగంలో కూడా మొదటి సగమంత వేగంగా పరుగెత్తవలసి ఉంటుంది. అతడి హాఫ్ సమయం చెబుతున్నది మాత్రం అది సాధ్యం కాదనే. అతడికి సరిపోయేది 4 గంటల 10 నిమిషాల లెక్క. ఈ సూత్రం కూడా తగినంత దూరపు సాధన చేసినవారికే వర్తిస్తుంది. వారానికి ఒకటి రెండు రోజులు మాత్రమే పరుగెత్తేవారి విషయంలో ఇది ఆశ పుట్టించే సంఖ్యనే ఇస్తుంది.

దశాంశం దగ్గరే దెబ్బ

లెక్కలో ఎక్కువమంది తప్పే చోటు ఒకటే. గంటలో అరవై నిమిషాలు, నిమిషంలో అరవై సెకండ్లు. క్యాలిక్యులేటర్ మాత్రం పదులు, వందలలోనే లెక్క కడుతుంది. ఈ రెండూ కలిసిన చోట తప్పు దొర్లుతుంది.

240 నిమిషాలను 42.195తో భాగిస్తే క్యాలిక్యులేటర్ 5.6878 అని చూపుతుంది. దీనిని 5 నిమిషాల 68 సెకండ్లుగా చదివేవారు ఉన్నారు. అది తప్పని వెంటనే తెలిసిపోతుంది, 68 సెకండ్లు అన్నది గడియారంలో ఉండదు కనుక. చుక్క తరువాతి భాగాన్ని 60తో గుణించాలి. 0.6878ను 60తో గుణిస్తే 41.27 సెకండ్లు. అంటే 5 నిమిషాల 41 సెకండ్లు.

అసలు ప్రమాదం దీని తరువాతి మెట్టులో పొంచి ఉంటుంది. వచ్చిన 5 నిమిషాల 41 సెకండ్లను మళ్లీ క్యాలిక్యులేటర్‌లో 5.41 అని కొట్టి, అయిదుతో గుణిస్తారు. 27.05 వస్తుంది. అది చూడడానికి సక్రమంగానే ఉంటుంది, అనుమానం రాదు. నిజానికి అది 27 నిమిషాల 3 సెకండ్లు. రావలసినది 28 నిమిషాల 26 సెకండ్లు. ప్రతి అయిదు కిలోమీటర్లకు 83 సెకండ్లు ముందు పరుగెత్తమని పట్టీ చెబుతున్నదన్నమాట. ఆ పట్టీని చివరి వరకు పాటిస్తే పందెం 3 గంటల 48 నిమిషాలకు ముగియాలి. నాలుగు గంటలకు మాత్రమే సిద్ధమైన కాళ్లు ఆ వేగానికి తట్టుకోలేవు. ఇరవై అయిదో కిలోమీటరుకో, ముప్పయ్యో కిలోమీటరుకో నడక మొదలవుతుంది. పరుగెత్తినవాడు తన శక్తి చాలలేదనుకొంటాడే తప్ప, క్యాలిక్యులేటర్‌లోని చుక్కను అనుమానించడు.

దీనికి విరుగుడు చాలా సులువు. మొత్తం లెక్కను సెకండ్లలోనే చేసి, చివర ఒక్కసారి మాత్రమే నిమిషాలుగా మార్చాలి. నాలుగు గంటలు అంటే 14,400 సెకండ్లు. దీనిని 42.195తో భాగిస్తే కిలోమీటరుకు 341.27 సెకండ్లు. 5తో గుణిస్తే 1,706.4 సెకండ్లు, అంటే 28 నిమిషాల 26 సెకండ్లు. 10తో గుణిస్తే 3,412.7 సెకండ్లు, అంటే 56 నిమిషాల 53 సెకండ్లు. ఇక్కడ గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. రెండో వరుస కోసం మొదటి వరుసలోని 28:26ను రెట్టింపు చేస్తే 56:52 వస్తుంది, ఒక సెకండు తేడా. ఒక సెకండుతో మునిగిపోయేదేమీ లేదు గానీ, వరుసకు వరుస కూడుతూ పోతే తేడా పెరుగుతుంది. కాబట్టి ప్రతి వరుసనూ 341.27 నుంచే నేరుగా గుణించుకోవాలి, పై వరుసకు కలపకూడదు.

341.27ను 342గా గుండు చేసుకొంటే 42.195 కిలోమీటర్లకు 4 గంటల 31 సెకండ్లు అవుతుంది. అరనిమిషంలో లక్ష్యం చేజారిపోతుంది. 341గా తీసుకొంటే 3 గంటల 59 నిమిషాల 48 సెకండ్లు, ఇబ్బంది లేదు. చేతితో లెక్క కట్టేవారు గుండు చేయవలసి వస్తే ఎప్పుడూ కిందికే చేయడం మేలు.

కంప్యూటర్ అందుబాటులో ఉన్నవారు ఎక్సెల్‌లో ఈ పని ఒక్క వరుసతో ముగించవచ్చు. A2 గడిలో దూరం 5 అని రాసి, పక్క గడిలో ఇలా కొట్టాలి.

```
=TIME(4,0,0)*A2/42.195
```

ఆ గడి ఫార్మాట్‌ను `h:mm:ss`గా మారిస్తే 0:28:26 కనిపిస్తుంది. కింది గడులలో 10, 15, 20 అని దూరాలు రాసి, సూత్రాన్ని కిందికి లాగితే చాలు. ఫార్మాట్ మార్చకపోతే గడిలో 0.01975 వంటి సంఖ్య వస్తుంది. రోజులో అది ఎన్నో వంతో ఎక్సెల్ చెబుతున్నదన్నమాట. చూసి కంగారు పడవలసిన పని లేదు.

పట్టీపై ఉండవలసిన వరుసలు

పై లెక్క ప్రకారం నాలుగు గంటల పట్టీ ఇలా ఉంటుంది.

5 కి.మీ. - 0:28:26
10 కి.మీ. - 0:56:53
15 కి.మీ. - 1:25:19
20 కి.మీ. - 1:53:45
సగం - 2:00:00
25 కి.మీ. - 2:22:12
30 కి.మీ. - 2:50:38
35 కి.మీ. - 3:19:05
40 కి.మీ. - 3:47:31
ముగింపు - 4:00:00

సగం అంటే 21.0975 కిలోమీటర్లు. హాఫ్ మారథాన్‌ను రెండు గంటల్లో ముగించాలనుకొనేవారికి కూడా కిలోమీటరుకు పట్టే సమయం ఇదే కనుక, పై అయిదు వరుసలతోనే వారి పట్టీ పూర్తవుతుంది. పట్టీ సరిచూసుకోవడానికీ ఈ సగం వరుసే ఆధారం. అక్కడ సరిగ్గా లక్ష్యంలో సగం రాకపోతే లెక్కలో ఎక్కడో తప్పు ఉన్నట్లే.

చివరి వరుసను కొందరు మరిచిపోతారు. 40 కిలోమీటర్ల బోర్డు దాటాక మిగిలేది రెండు కిలోమీటర్లే అనుకొంటారు, కాని 2.195 కిలోమీటర్లు ఉంటుంది. ఈ వేగంలో దానికి 12 నిమిషాల 29 సెకండ్లు పడుతుంది. ఆఖరి 195 మీటర్లకే 66 సెకండ్లకు పైగా కావాలి. మారథాన్‌కు ఈ వింత దూరం 1908 లండన్ ఒలింపిక్స్ నుంచి సంక్రమించింది, 1921లో అది ప్రామాణికమైంది. వింతదైనా పట్టీలో దానికి చోటు ఇవ్వక తప్పదు.

వాచీలోని దూరం ఎందుకు ఎక్కువ?

శాటిలైట్ ఆధారంగా దూరం చూపే వాచీలు వచ్చాక కాగితపు పట్టీ ఎందుకన్న ప్రశ్న సహజమే. సమాధానం పందెం మార్గాన్ని కొలిచే పద్ధతిలో ఉంది. గుర్తింపు పొందిన పందేలలో మార్గాన్ని ప్రత్యేక కౌంటర్ బిగించిన సైకిల్‌తో కొలుస్తారు. మలుపులలో రోడ్డు అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో, అంటే సాధ్యమైనంత దగ్గరి దారిలో సైకిల్ నడుపుతారు. మార్గం పొరపాటున తగ్గకుండా కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున అదనంగా కలుపుతారు. వేలమంది మధ్య పరుగెత్తేవాడికి ఆ దగ్గరి దారి దొరకదు. మలుపులలో బయటివైపు తిరగాలి, గుంపులను తప్పించుకొంటూ అటూ ఇటూ సాగాలి. వాచీ తన వంతు పొరపాటును దానికి జతచేస్తుంది. ముగింపు గీత దాటేసరికి వాచీ 42.5 కిలోమీటర్లు చూపడం మామూలే.

వాచీలో కిలోమీటరుకు 5:41 చూసుకొంటూ పోయినవాడు 42.5 కిలోమీటర్లకు 4 గంటల ఒకటిన్నర నిమిషాలకు పైగా తీసుకొంటాడు. వాచీ లెక్కలో అతడు ఎక్కడా తప్పలేదు, అయినా లక్ష్యం తప్పింది. పట్టీ ఈ చిక్కును పరిష్కరిస్తుంది. బోర్డు వద్దకు చేరిన సమయాన్నే అది అడుగుతుంది గానీ వాచీ దూరాన్ని అడగదు. అందుచేత వాచీ ఉన్నవారు కూడా అందులోని సమయాన్ని మాత్రమే చూసి, దూరానికి రోడ్డు పక్కని బోర్డులనే నమ్మాలి. ఎప్పుడైనా ఒక బోర్డు వద్ద తేడా నమ్మశక్యం కానంత ఎక్కువగా కనిపిస్తే, వెంటనే వేగం మార్చరాదు. బోర్డును తప్పుచోట నిలిపి ఉండవచ్చు. తరువాతి బోర్డు వద్ద లెక్క దారికి వస్తే తప్పు బోర్డుదే.

తుపాకి ఎప్పుడు పేలింది, గీత ఎప్పుడు దాటాడు?

పెద్ద పందేలలో వెనుక వరుసల్లో నిలుచున్నవారు ప్రారంభ గీత చేరడానికే రెండు మూడు నిమిషాలు పడుతుంది. పందెం ప్రారంభ సంకేతం నుంచి లెక్కించేది ఒక సమయం, ఒక్కొక్కరి చిప్ ప్రారంభ గీతపై పరిచిన మ్యాట్ దాటినప్పటి నుంచి లెక్కించేది మరొక సమయం. దారిలో నిర్వాహకులు పెట్టే పెద్ద గడియారాలు సాధారణంగా మొదటి సమయాన్నే చూపుతాయి. రెండు నిమిషాల 20 సెకండ్లు ఆలస్యంగా గీత దాటినవాడు 5 కిలోమీటర్ల వద్ద ఆ గడియారంలో 30:46 చూసి, వెనుకబడిపోయానని వేగం పెంచితే అంతకు మించిన పొరపాటు ఉండదు. నిజానికి అతడు పట్టీ ప్రకారం సరిగ్గా 28:26కే వచ్చాడు.

స్టాప్‌వాచ్ ఉన్నవారు మ్యాట్‌పై కాలు పెట్టినప్పుడు నొక్కితే సరిపోతుంది. అది లేక మామూలు ముళ్ల వాచీతో వెళ్లేవారికి పాత ఉపాయం ఒకటి ఉంది. ముందుగానే మూడు ముళ్లనూ 12 గంటల వద్ద నిలిపి, తాళం పిడిని బయటికి లాగి ఉంచాలి. మ్యాట్ దాటే క్షణంలో పిడిని లోపలికి నొక్కాలి. అప్పటి నుంచి వాచీలో 12 గంటల 28 నిమిషాలు కనిపిస్తే 28 నిమిషాలు గడిచినట్లు, 2 గంటల 22 నిమిషాలు కనిపిస్తే అంతే గడిచినట్లు. పిడి లాగినప్పుడు సెకండ్ల ముల్లు ఆగని వాచీలకు ఇది పనికిరాదు. ఇంటివద్దనే ఒకసారి పరీక్షించుకోవాలి.

జెండానో బెలూనునో పట్టుకొని నిర్ణీత సమయానికి పరుగెత్తే పేసర్లను అనుసరించేవారు కూడా, ఆ పేసర్ ఏ సమయాన్ని పాటిస్తున్నాడో ప్రారంభానికి ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఫ్లైఓవర్లకు సర్దుబాటు

పైన ఇచ్చిన పట్టీ సమతల మార్గానికి కట్టిన లెక్క. హుస్సేన్‌సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డులో మొదలై గచ్చిబౌలి స్టేడియం వైపు సాగుతూ వచ్చిన హైదరాబాద్ మారథాన్ మార్గం ఫ్లైఓవర్లకు, ఎత్తుపల్లాలకు పేరుపడింది. పందెం మార్గపు పటం దొరకగానే ఎక్కువ ఎక్కుడు ఉన్న 5 కిలోమీటర్ల భాగాలను గుర్తించి, పట్టీలో ఆ మేరకు సర్దుబాటు చేసుకోవాలి.

ఉదాహరణకు 10 నుంచి 15 కిలోమీటర్ల మధ్య ఎక్కుడు ఉండి, ఆ తరువాత పది కిలోమీటర్లు కొంత దిగుడుగా ఉన్నదనుకొందాం. ఎక్కే భాగానికి 20 సెకండ్లు అదనంగా ఇచ్చి, తరువాతి రెండు భాగాల్లో పదేసి సెకండ్లు తగ్గించాలి. 15 కిలోమీటర్ల వరుస 1:25:39, 20 కిలోమీటర్ల వరుస 1:53:55 అవుతాయి. 25 కిలోమీటర్ల వద్ద మళ్లీ పాత లెక్క 2:22:12కే వస్తుంది. ఇలా సర్దినప్పుడు ఎక్కడో ఒక వరుసలో పాత లెక్కకు చేరుకోవడం తప్పనిసరి. అలా చేరకపోతే ముగింపు సమయమే మారిపోయిందని గ్రహించాలి. ఎక్కుడులో పోయినదంతా దిగుడులో తిరిగి రాదన్నదీ వాస్తవమే. మార్గమంతా ఎగుడుదిగుడుగా ఉంటే వరుసలు దిద్దడం కన్నా లక్ష్యాన్నే రెండు మూడు నిమిషాలు సడలించుకోవడం తెలివైన పని.

ముందుగా సమయం కూడబెట్టుకొందాం, చివర ఖర్చు పెట్టుకొందాం అన్న ఆలోచనతో మొదటి వరుసలను కుదించేవారూ ఉన్నారు. ఇది మారథాన్‌లో పనిచేయదు. వేగం పెరిగేకొద్దీ కండరాలలోని చక్కెర నిల్వలు త్వరగా తరుగుతాయి. అవి అయిపోయాక కిలోమీటరుకు నిమిషం, రెండు నిమిషాల చొప్పున నష్టపోవలసి వస్తుంది. 2023 అక్టోబరులో చికాగోలో కెన్యా పరుగువీరుడు కెల్విన్ కిప్టమ్ 2 గంటల 35 సెకండ్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పినప్పుడు, మొదటి సగానికి 60 నిమిషాల 48 సెకండ్లు, రెండో సగానికి 59 నిమిషాల 47 సెకండ్లు తీసుకొన్నాడు. అంతటివాడే మొదట్లో కూడబెట్టుకోలేదు.

రహదారి రాళ్ల వద్ద పరీక్ష

పట్టీని మొట్టమొదట పందెంలోనే చూడడం కన్నా ఇక్కడే ఒకసారి పరీక్షించడం మేలు. ఆదోని - ఎమ్మిగనూరు మధ్య రోడ్డు దూరం 30 కిలోమీటర్లకు కాస్త తక్కువ. సుదూర సాధనకు అది అతికినట్లు సరిపోతుంది. రహదారుల వెంట కిలోమీటరు రాళ్లను నాటేటప్పుడు ప్రతి అయిదో కిలోమీటరుకు మిగతావాటికన్నా పెద్ద రాయిని, ఎక్కువ ఊళ్ల పేర్లతో పెట్టే పద్ధతి ఉంది. పట్టీలోని వరుసలకూ ఈ పెద్ద రాళ్లకూ లెక్క కలుస్తుంది. ఊరి గేటు నుంచి కాక, ఏదో ఒక రాయి వద్ద గడియారం మొదలుపెట్టి, అక్కడి నుంచి అయిదేసి రాళ్లు లెక్కపెట్టుకోవాలి.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొన్ని రాళ్లు జరిగిపోవడమో, మాయం కావడమో జరుగుతుంది. ఒకే రెండు రాళ్ల మధ్య భాగం వెళ్లేటప్పుడూ, వచ్చేటప్పుడూ, రెండు మూడు వారాల పాటు ఒకే తీరులో అరనిమిషం ఎక్కువగానో తక్కువగానో వస్తూ ఉంటే తప్పు కాళ్లది కాదు, రాయిది. వెళ్లేటప్పుడు ఎక్కువై, తిరిగి వచ్చేటప్పుడు తక్కువైతే అది ఎక్కుడు దిగుడులదో, గాలిదో అనుకోవాలి.

సాధనలో పందెం వేగంతోనే పాతిక కిలోమీటర్లు పరుగెత్తరు కనుక ఇందుకు వేరే పట్టీ కావాలి. మొదటి 15 కిలోమీటర్లు కిలోమీటరుకు ఆరున్నర నిమిషాల చొప్పున నిదానంగా, చివరి 10 కిలోమీటర్లు పందెం వేగంతో అనుకొంటే వరుసలు 0:32:30, 1:05:00, 1:37:30, 2:05:56, 2:34:23 అవుతాయి. ఈ చివరి రెండు వరుసలను ఆయాసం లేకుండా అందుకోగలిగితే నాలుగు గంటల లక్ష్యం గాలిలో మేడ కాదని తేలుతుంది. ఆదోని మార్కెట్‌కు పత్తి లారీలు బారులుతీరే రోజుల్లో ఈ రోడ్డుపై చీకటి పరుగు ప్రమాదకరం. ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడి అంచున, లేత రంగు దుస్తులతో పరుగెత్తాలి.

చెమటకు కరగని పట్టీ

తయారీ పావుగంట పని. మణికట్టు చుట్టుకొలతకు రెండు సెంటీమీటర్లు కలిపి పొడవు, నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పుతో కాగితం ముక్క కత్తిరించాలి. చేతిని గడియారం చూసినట్లు ఎత్తినప్పుడు అక్షరాలు నిటారుగా కనిపించేలా వరుసలను రాయాలి. దూరం చిన్న అక్షరాలతో, సమయం పెద్ద అక్షరాలతో ఉండాలి. పరుగెత్తుతూ చూసేటప్పుడు చేయి కదులుతుంది కనుక అక్షరాలు పుస్తకంలో ఉన్నంత ఉంటే చాలవు. ఇంక్‌జెట్ ప్రింటు, సిరా కలం రాతలు చెమటకు, తలపై పోసుకొనే నీళ్లకు అలికిపోతాయి. జిరాక్స్ ప్రతి గానీ బాల్‌పెన్ రాత గానీ మేలు. రెండు వైపులా పార్సిల్‌కు వాడే వెడల్పాటి పారదర్శక టేపు అంటించి, అంచులకు అవతల కొద్దిగా టేపు మిగిల్చి కత్తిరిస్తే తడి లోపలికి చేరదు. మూలలను గుండ్రంగా కత్తిరించకపోతే మూడు గంటల తరువాత చర్మం ఒరుసుకొని మంటపుడుతుంది. ఫ్లెక్సీ ముద్రించే దుకాణంలో మిగిలిన ముక్కపై వేయించుకొంటే టేపుతో కూడా పని లేదు గానీ, దాని అంచులు మరింత గరుకుగా ఉంటాయి.

పట్టీని వాచీ ఉన్న చేతికే, వాచీకి పైన కట్టుకోవాలి. రెండూ ఒకే చూపులో పడతాయి. పరుగులో చేతులు కొద్దిగా ఉబ్బుతాయి కనుక ఒక వేలు దూరేంత వదులు ఉండాలి.

తేడా వస్తే ఏం చేయాలి?

5 కిలోమీటర్ల బోర్డు వద్ద వాచీ 27:10 చూపిందనుకొందాం. పట్టీ ప్రకారం 28:26. తేడా 76 సెకండ్లు, అంటే కిలోమీటరుకు 15 సెకండ్లు ఎక్కువ వేగం. ఇది సంతోషించవలసిన విషయం కాదు, వెంటనే నెమ్మదించవలసిన సూచన. అలాగని మిగిలిన 76 సెకండ్లనూ తరువాతి భాగంలోనే పోగొట్టుకోవలసిన పని లేదు. పందెం వేగానికి దిగివస్తే చాలు.

ఆలస్యం విషయంలో ఎక్కడ ఆలస్యమైంది అన్నదే ముఖ్యం. 15 కిలోమీటర్ల వద్ద 100 సెకండ్లు వెనుకబడితే ఇంకా 27 కిలోమీటర్లు మిగిలి ఉంటుంది. కిలోమీటరుకు నాలుగు సెకండ్లు కూడా పెంచనక్కరలేదు. ఒక్క భాగంలోనే 100 సెకండ్లనూ రాబట్టాలనుకొంటే కిలోమీటరుకు 20 సెకండ్లు పెంచవలసి ఉంటుంది. అది మొదట్లో వేగంగా పరుగెత్తిన పొరపాటుతో సమానం. అదే 100 సెకండ్ల ఆలస్యం 35 కిలోమీటర్ల వద్ద కనిపిస్తే మిగిలినవి ఏడు కిలోమీటర్లు మాత్రమే. కిలోమీటరుకు 14 సెకండ్లు పెంచాలి. ఆ దశలో అది దాదాపు ఎవరికీ సాధ్యం కాదు. అందుకే అనుభవజ్ఞులు పట్టీ వెనుక వైపు రెండో లక్ష్యాన్ని రాసుకొంటారు. 4 గంటల 10 నిమిషాలకైతే 30 కిలోమీటర్ల వద్ద 2:57:45, 35 వద్ద 3:27:22, 40 వద్ద 3:57:00. మొదటి లక్ష్యం చేజారిన క్షణంలో పట్టీని తిప్పి కట్టుకొంటే పరుగెత్తేవాడికి ఇంకా పాటించడానికి ఒక లెక్క మిగులుతుంది.

పందెం ముగిశాక పట్టీని పారవేయకుండా, ఫలితాల జాబితాలోని సమయాలను ప్రతి వరుస పక్కన రాసుకోవడం ఉపయోగకరం. మొదటి 25 కిలోమీటర్లు పట్టీతో సరిపోలి, ఆ తరువాత ఒక్కొక్క భాగానికి 31, 33 నిమిషాలు పట్టి ఉంటే లక్ష్యమే ఎక్కువైందనో, దారిలో తినవలసినది తినలేదనో అర్థం. మొదటి వరుసలోనే నిమిషం పోయి, మిగతావన్నీ సరిపోలితే ప్రారంభంలో గుంపు వెనుక చిక్కుకున్నట్లు. మరుసటిసారి గీతకు కొంచెం దగ్గరగా నిలబడవలసి ఉంటుంది.